వెర్నియర్‌లో 8, స్క్రూగేజిలో 97: మైనస్ ఎంత?

*"సార్, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. ల్యాబ్‌లో నాకు వచ్చిన వెర్నియర్ కాలిపర్స్ దవడలు మూస్తే వెర్నియర్ సున్నా, మెయిన్ స్కేలు సున్నాకి ఎడమ పక్కన ఉంటోంది. 8వ గీత కలుస్తోంది. ఎడమ పక్క కాబట్టి మైనస్ అనుకుని జీరో ఎర్రర్ −0.08 సెం.మీ. వేశాను. నా ఫ్రెండ్ −0.02 అంటోంది, ఎందుకో మాత్రం చెప్పలేకపోతోంది. స్క్రూగేజి మూస్తే 97 వస్తోంది. మైనస్ 97 అనాలా, మైనస్ 3 అనాలా? లీస్ట్ కౌంట్ 0.01 అని బట్టీ పట్టాను. కానీ పక్క టేబుల్ వెర్నియర్‌కి 50 గీతలున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. పరీక్షలో ఇలాంటిది వస్తే మార్చమని అడగొచ్చా?"*

అమ్మా, నీ ఫ్రెండ్ చెప్పిందే సరైనది. వెర్నియర్‌కి −0.02 సెం.మీ., స్క్రూగేజికి మైనస్ 3 విభాగాలు, అంటే −0.03 మి.మీ. "మైనస్ వస్తే 10లోంచి తీసెయ్, 100లోంచి తీసెయ్" అని నీకు ఎవరో చెప్పే ఉంటారు. ఆ తీసివేత ఎందుకో తెలియకపోతే పరీక్ష గదిలో ముందుగా మరిచిపోయేది దాన్నే. అందుకే కారణం దగ్గర నుంచి మొదలుపెడతాను.

జీరో ఎర్రర్‌ని వేరే లెక్కగా అనుకోవద్దు. అది కూడా ఒక రీడింగే. దవడల మధ్య ఏమీ లేనప్పుడు పరికరం ఎంత చూపిస్తోందో అదే జీరో ఎర్రర్. కాబట్టి వస్తువుని పెట్టినప్పుడు ఎలా చదువుతావో, ఖాళీగా మూసినప్పుడూ అచ్చంగా అలాగే చదవాలి. వస్తువు ఉన్నప్పుడు ఏం చేస్తావు? వెర్నియర్ సున్నాకి సరిగ్గా ఎడమ పక్కన ఉన్న మెయిన్ స్కేలు గీత ఎంతో చూస్తావు. దానికి, కలిసిన వెర్నియర్ గీతని లీస్ట్ కౌంట్‌తో, అంటే పరికరం కొలవగలిగే అతి చిన్న కొలతతో, గుణించి కలుపుతావు.

ఇప్పుడు నీ పరికరాన్ని ఖాళీగా మూసి అదే పద్ధతిలో చదువు. వెర్నియర్ సున్నా, మెయిన్ స్కేలు సున్నాకి ఎడమ పక్కకి జరిగి ఉంది. మరి ఆ వెర్నియర్ సున్నాకి ఎడమ పక్కన ఉండే మెయిన్ స్కేలు గీత ఏది? అక్కడ స్కేలు మీద గీత చెక్కి ఉండదు. ఉండి ఉంటే అది −1 మి.మీ. గీత అయ్యేది, అంటే −0.1 సెం.మీ. దానికి 8 × 0.01 కలుపు. −0.1 + 0.08 = −0.02 సెం.మీ. "10లోంచి తీసెయ్" అనే సూత్రం ఇక్కడి నుంచే వచ్చింది. నువ్వు చేసిన పొరపాటల్లా ఆ కనబడని −1 మి.మీ. గీతని వదిలేసి, 0.08కి ముందు మైనస్ పెట్టడం. మైనస్ గుర్తు వర్తించేది ఆ మెయిన్ స్కేలు గీతకి. వెర్నియర్ వాటా ఎప్పుడూ ప్లస్సే.

ఇది నా మాట మీద నమ్మనక్కర్లేదు, పరికరాన్నే అడగొచ్చు. వెర్నియర్ మీద 10 విభాగాలు కలిపి 9 మి.మీ. ఉంటాయి, కాబట్టి ఒక్కొక్కటి 0.9 మి.మీ. వెర్నియర్ సున్నా నుంచి 8వ గీత దాకా దూరం 8 × 0.9 = 7.2 మి.మీ. ఇప్పుడు ఆ 8వ గీత మెయిన్ స్కేలు మీద ఎన్నో గీతతో కలిసిందో లెక్కపెట్టు. 7 మి.మీ. గీతతో కలిసి ఉంటుంది. 8వ గీత 7.0 దగ్గర ఉంటే, దానికి 7.2 మి.మీ. వెనకున్న వెర్నియర్ సున్నా 7.0 − 7.2, అంటే −0.2 మి.మీ. దగ్గర ఉన్నట్టు. అదే −0.02 సెం.మీ.

ఒకవేళ వెర్నియర్ సున్నా కుడి పక్కకి జరిగి, అప్పుడు కూడా 8వ గీతే కలిసిందనుకో. అప్పుడది 8 మి.మీ. గీతతో కలుస్తుంది. సున్నా +0.8 మి.మీ. దగ్గర ఉంటుంది. కలిసింది ఒకటే గీత అయినా, అది దేనితో కలిసిందో చూస్తే ప్లస్సో మైనస్సో తెలిసిపోతుంది. ఒక గీత మందం ఎడమకో కుడికో జరిగిన సున్నాని కంటితో తేల్చుకోలేనప్పుడు ఈ పరీక్షే నిన్ను ఆదుకుంటుంది. పది గీతల వెర్నియర్‌లో కలిసిన గీత నంబరు, మెయిన్ స్కేలు గీత నంబరు ఒకటే అయితే ప్లస్. మెయిన్ స్కేలు నంబరు ఒకటి తక్కువైతే మైనస్.

దీనివల్ల జవాబు ఎంత మారుతుందో ఒక ఉక్కు గుండుతో చూద్దాం. నీ కాలిపర్స్‌తో గుండు వ్యాసం కొలిస్తే మెయిన్ స్కేలు 1.9 సెం.మీ., వెర్నియర్ 4వ గీత వచ్చాయనుకో. చూసిన రీడింగు 1.94. అసలు వ్యాసం అంటే చూసిన రీడింగులోంచి ఖాళీ రీడింగు తీసేయడమే. 1.94 − (−0.02) = 1.96 సెం.మీ. ఘనపరిమాణం, అంటే π × వ్యాసం ఘనం ÷ 6, వేస్తే దాదాపు 3.94 ఘ.సెం.మీ. నీ −0.08 పెట్టి చేస్తే వ్యాసం 2.02, ఘనపరిమాణం 4.32 దాకా పోతుంది. వ్యాసంలో 3 శాతం తేడా ఘనపరిమాణంలో 9 శాతం పైన తేడా అయింది, ఎందుకంటే వ్యాసాన్ని మూడుసార్లు గుణించాం. ల్యాబ్‌లో త్రాసు ఉంటే గుండుని తూచి చూడు. ఈ గుండు దాదాపు 30.7 గ్రాములుంటుంది. దాన్ని 3.94తో భాగిస్తే 7.8 వస్తుంది. ఉక్కు సాంద్రత అదే. 4.32తో భాగిస్తే 7.1 వచ్చి, ఎక్కడో తప్పు జరిగిందని ఆ అంకే చెబుతుంది.

రికార్డులో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. దోషం, సవరణ అని రెండు మాటలుంటాయి. దోషం −0.02 అయితే సవరణ +0.02. దోషాన్ని తీసివేయాలి, సవరణని కలపాలి. కొందరు గుర్తు ఒకసారి మార్చి సవరణ రాసి, మళ్లీ దాన్ని తీసివేస్తారు. రెండుసార్లు తిప్పితే మొదటికే వస్తుంది. రెంటిలో ఏదో ఒక్క మాటనే పట్టుకుని చివరిదాకా అదే వాడు.

ఇక స్క్రూగేజి. అక్కడ కూడా ఇదే ఆలోచన. పిచ్, అంటే తల ఒక పూర్తి చుట్టు తిరిగితే జరిగే దూరం, 1 మి.మీ., తల స్కేలు మీద 100 విభాగాలు ఉన్న స్క్రూగేజినే తీసుకుందాం. మూసినప్పుడు సూచిక గీత మీద 97 ఉంది. ఇది రెండు రకాలుగా రావచ్చు. తల సున్నా దాకా వచ్చి, ఆగకుండా ఇంకో మూడు విభాగాలు లోపలికి తిరిగి 97 దగ్గర ఆగి ఉండొచ్చు. లేదా సున్నాకి ఇంకా 97 విభాగాలు, అంటే దాదాపు ఒక మి.మీ. ఉండగానే ముఖాలు తగిలి ఉండొచ్చు. ఎంత పాడైన పరికరమైనా ఈ రెండోది చాలా అరుదు. పైగా అలా జరిగితే తల అంచు పిచ్ స్కేలు సున్నాకి దాదాపు ఒక మి.మీ. దూరంలో ఆగి, మధ్యలో ఖాళీ కనబడుతుంది. నీ దాంట్లో పిచ్ స్కేలు సున్నా తల అంచు కిందికి పోయింది కదా? అంటే మొదటిదే. ఇక్కడ కూడా కనబడని −1 గీత దగ్గర నుంచి చదువుతున్నావు. −1 + 97 × 0.01 = −0.03 మి.మీ.

తల సున్నా సూచిక గీతకి పైన ఉంటే మైనస్, కింద ఉంటే ప్లస్ అని పుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే కానీ పరికరాన్ని తిప్పి పట్టుకుంటే పైదేదో కిందదేదో తారుమారవుతుంది. నేను పిల్లలకి వేరే పద్ధతి చెప్పేవాణ్ని. మూసిన దగ్గర నుంచి తలని మెల్లగా తెరిచే వైపు తిప్పు. 97, 98, 99, ఆ తర్వాత సున్నా వస్తే మైనస్. ముఖాలు విడిపోయాక గానీ సున్నా రాలేదు కాబట్టి పరికరం తక్కువ చూపిస్తోంది. 3 దగ్గర మొదలై 4, 5, 6 అంటూ పోతే ప్లస్.

ఒక గాజు పలక మందం కొలుస్తున్నావనుకో. పిచ్ స్కేలు 2 మి.మీ., తల స్కేలు 46. చూసింది 2.46, అసలు మందం 2.46 + 0.03 = 2.49 మి.మీ. ఈ 97ని పొరపాటున ప్లస్ 97గా తీసుకుంటే 1.49 వస్తుంది. తేడా కచ్చితంగా ఒక పిచ్. మీ బృందంలో ఇద్దరి జవాబుల మధ్య సరిగ్గా 1 మి.మీ. తేడా వస్తే ముందు అనుమానించాల్సింది ఇక్కడే.

ప్లస్ దోషంలో కూడా పిల్లలు ఆగిపోయే చోటు ఒకటుంది. జీరో ఎర్రర్ +5 విభాగాలు, వస్తువుకి పిచ్ స్కేలు 3 మి.మీ., తల స్కేలు 2 అనుకో. 2లోంచి 5 తీస్తే −3 వస్తుంది. తల స్కేలు మీద మైనస్ ఉండదు కదా అని కొట్టేసి, మళ్లీ కొలవడం మొదలుపెడతారు. అక్కర్లేదు. 3 + (−3 × 0.01) = 2.97 మి.మీ. అదే సరైన జవాబు.

ఇంతకన్నా ఎక్కువ మంది దొరికిపోయేది మరోచోట. తల స్కేలు 98 చూపిస్తోంది, పిచ్ స్కేలు మీద 2 గీత అంచు బయటికి వచ్చినట్టే కనబడుతోంది. అది 2.98 కాదు, 1.98. 2 గీత పూర్తిగా బయటపడాలంటే తల సున్నా దాటాలి. ఇంకా 98 దగ్గరే ఉంది కాబట్టి దాటలేదు. కనబడుతున్నది గీత మందం మాత్రమే. తల స్కేలు 95 పైన ఉండి, కొత్త గీత అప్పుడే తొంగిచూస్తుంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నీ 97 నిజమైనదేనా అన్నది కూడా ఒకసారి చూసుకో. స్క్రూగేజి కొసన టిక్ టిక్‌మని జారే చిన్న పిడి ఉంటుంది, దాన్ని రాచెట్ అంటారు. మూసేటప్పుడు దాన్నే తిప్పాలి, తలని పట్టుకుని బిగించకూడదు. స్క్రూకి బలం చాలా ఎక్కువ. వేళ్లతో గట్టిగా తిప్పితే యు ఆకారంలోని చట్రం కంటికి కనబడనంత తెరుచుకుని తల సున్నా దాటిపోతుంది. మంచి పరికరం కూడా అప్పుడు 98, 97 చూపిస్తుంది. అందుకని రాచెట్‌తో ముఖాలు తగిలాక మూడుసార్లు టిక్ అనే దాకా తిప్పి ఆపు. తెరిచి, మళ్లీ మూసి, ఇలా మూడుసార్లు చూడు. మూడుసార్లూ 97 వస్తే అది పరికరం దోషం. 97, 99, 94 అని మారుతుంటే అది నీ చేతి బిగింపు, లేదా ముఖాల మధ్య దుమ్ము. మామూలు నోటుబుక్ కాగితం మందమే దాదాపు 0.1 మి.మీ., అంటే ఈ స్కేలు మీద పది విభాగాలు. మూడు విభాగాల తేడాకి చిన్న నలుసు చాలు. శుభ్రమైన కాగితం ముక్కని ముఖాల మధ్య పెట్టి, తేలిగ్గా మూసి, బయటికి లాగితే ముఖాలు తుడుచుకుపోతాయి. వస్తువు కొలిచేటప్పుడూ అవే మూడు టిక్‌లు. ఖాళీగా ఒక బిగింపుతో, వస్తువుతో ఇంకో బిగింపుతో చదివితే తీసివేతకి అర్థం ఉండదు.

రీడింగు తీసేముందు తలని ఎప్పుడూ మూసే దిశలోనే తిప్పుతూ రావాలి. ఎక్కువ బిగిసిందని కొంచెం వెనక్కి తిప్పి అక్కడే చదవకు. మరకీ దాని గాడికీ మధ్య ఉండే వదులు వల్ల వెనక్కి తిప్పినప్పుడు తల కదులుతుంది కానీ మొన కాసేపు కదలదు. పూర్తిగా తెరిచి మళ్లీ మూయడమే మార్గం.

లీస్ట్ కౌంట్ సంగతి. 0.01 అని బట్టీ పట్టావు, కానీ దాని పక్కన సెం.మీ.నా, మి.మీ.నా అన్నది నీ ఉత్తరంలో లేదు. నీ వెర్నియర్‌కి 0.01 సెం.మీ., స్క్రూగేజికి 0.01 మి.మీ. ఒకే అంకె, పది రెట్ల తేడా. లీస్ట్ కౌంట్ టేబుల్ దగ్గర లెక్కపెట్టి తెలుసుకునే విషయం. వెర్నియర్‌లో మెయిన్ స్కేలు అతి చిన్న విభాగం విలువని వెర్నియర్ విభాగాల సంఖ్యతో భాగిస్తావు. నీ దానికి 1 మి.మీ.ని 10తో, కాబట్టి 0.1 మి.మీ. పక్క టేబుల్ దానికి 1 మి.మీ.ని 50తో, అంటే 0.02 మి.మీ. మెయిన్ స్కేలు విభాగం ప్రతిసారీ 1 మి.మీ. కాదు, అర మి.మీ. ఉండే కాలిపర్స్ కూడా ఉన్నాయి. అందుకే 0 నుంచి 1 సెం.మీ. దాకా ఎన్ని గళ్లున్నాయో ముందు లెక్కపెట్టు.

ఆ 50 గీతల వెర్నియర్ మీద గీతల నంబర్లు 10, 20, 30 అని ఉండవు. 0, 1, 2 నుంచి 9 దాకా ఉండి, చివర మళ్లీ 0 ఉంటుంది. అవి గీతల సంఖ్యలు కావు, పదో వంతు మి.మీ.లు. 7 అంకె దగ్గరి గీత కలిస్తే అది 7వ గీత కాదు, 35వ గీత. 35 × 0.02 = 0.70 మి.మీ. దాన్ని 7 × 0.02 = 0.14 అని వేస్తే జవాబు అర మి.మీ. పైనే తప్పుతుంది. ఆ పరికరంలో మైనస్ దోషం వస్తే తీయాల్సింది 10లోంచి కాదు, 50లోంచి. కనబడని −1 మి.మీ. గీత ఆలోచన గుర్తుంటే ఇది విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 48వ గీత కలిస్తే −1 + 0.96 = −0.04 మి.మీ.

ఈ సన్నగీతల వెర్నియర్‌లో రెండు మూడు గీతలు కలిసినట్టే కనబడతాయి. అప్పుడు కలిసినట్టున్న గీతని కాకుండా దాని ఇరుపక్కల గీతల్ని చూడు. సరైన గీతకి ఎడమ పక్క గీత ఎంత తప్పి ఉందో, కుడి పక్క గీత అంతే, వ్యతిరేక దిశలో తప్పి ఉంటుంది. కన్ను గీతకి నిటారుగా ఉండాలి, పక్క నుంచి చూస్తే ఒకటి రెండు గీతలు తేడా వస్తాయి.

స్క్రూగేజికి లీస్ట్ కౌంట్ అంటే పిచ్‌ని తల స్కేలు విభాగాలతో భాగించడం. పిచ్‌ని ఊహించకు. తలని 5 పూర్తి చుట్లు తిప్పి, పిచ్ స్కేలు మీద ఎంత జరిగిందో చూసి 5తో భాగించు. 5 మి.మీ. జరిగితే పిచ్ 1 మి.మీ., తల మీద 100 విభాగాలుంటాయి. 2.5 మి.మీ. జరిగితే పిచ్ అర మి.మీ., అలాంటి వాటికి సాధారణంగా 50 విభాగాలే ఉంటాయి. లీస్ట్ కౌంట్ రెండింటికీ 0.01 మి.మీ.నే, కానీ అర మి.మీ. పిచ్ ఉన్నదానిలో సూచిక గీతకి అవతలి పక్కన ఉండే అర గీతల్ని కూడా కలపాలి. 97 అనే అంకె దాని మీద ఉండదు. మూడు విభాగాల మైనస్ దోషమైతే అక్కడ 47 కనబడుతుంది.

పరికరం మార్చమనే విషయానికి వస్తే, స్థిరంగా −0.02 చూపించే కాలిపర్స్‌ని మార్చాల్సిన పని లేదు. ఆ దోషాన్ని పట్టుకుని సవరించడం కూడా నీకిచ్చిన పనిలో భాగమే. మార్చమని ధైర్యంగా అడగాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. దవడలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకో. దవడల పొడవునా వెలుగు రాకపోతే మంచిదే. కొసల దగ్గర మూసుకుని పైన సందు కనబడితే, లేదా అటుదిటైతే, దవడలు వంగాయో అరిగాయో అని అర్థం. అప్పుడు వస్తువుని ఎక్కడ పట్టుకున్నావన్న దాన్ని బట్టి దోషం మారుతుంది, ఒక్క అంకెతో సవరించలేవు. తుడిచి, రాచెట్‌తోనే మూసినా ప్రతిసారీ వేరే సున్నా చూపించే స్క్రూగేజి కూడా అంతే. ఆ మూడు రీడింగులు కాగితం మీద రాసి చూపిస్తే ఎగ్జామినర్‌కి వెంటనే అర్థమవుతుంది.

బాగున్న కాలిపర్స్‌తో కూడా గుండుని దవడల కొసల దగ్గర కాకుండా స్కేలుకి దగ్గరగా, లోపలికి పెట్టి కొలువు. కొసల దగ్గర పెడితే కదిలే దవడ కొద్దిగా వాలి రీడింగు తగ్గుతుంది. గొట్టం లోపలి వ్యాసం కొలవడానికి పై దవడలు వాడితే, కింది దవడల దగ్గర తీసుకున్న −0.02ని వాటికి అలాగే వాడేయకు. అవి వేరేగా అరుగుతాయి.

ఖాళీ రీడింగుని పని మొదట్లో మూడుసార్లు తీస్తావు కదా, పని అయిపోయాక ఇంకోసారి తీసి రఫ్ పేపర్ మీద పక్కనే రాసుకో. మొదటి అంకే వస్తే రికార్డులోకి ఎక్కించు. మారితే ముఖాలు తుడిచి, వస్తువుని మళ్లీ కొలువు. గుండుకి అయిదు రీడింగులు తీయడానికి పది నిమిషాల కన్నా ఎక్కువ పట్టదు.